జంట లోలకం ప్రాజెక్టు డైరీ: నెమ్మది రీతి దాచిందీ, వేగ రీతి చూపిందీ

పర్లాకిమిడి, జూలై: పట్టీలు, కీళ్లు

డిగ్రీ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు నేనూ నా సహాధ్యాయీ జంట లోలకాన్ని ఎంచుకున్నాము. తరగతిలో చెప్పే జంట లోలకంలో బరువులేని రెండు కడ్డీలు, వాటి చివర రెండు బిందు ద్రవ్యరాశులు ఉంటాయి. మేము చేయదలచుకున్నది చేతితో పట్టుకోగలిగిన లోలకం. దానికి బరువున్న పట్టీలు, బేరింగులు, బోల్టులు ఉంటాయి. శక్తి నుంచి రాసిన సమీకరణాలు ఇలాంటి నిజమైన వస్తువును ఎంత ఖచ్చితంగా వర్ణిస్తాయో, ఎక్కడ తప్పుతాయో, తప్పితే ఆ సంగతి దేని ద్వారా తెలుస్తుందో చూడాలన్నది మా ఉద్దేశం.

ఊరిలో కిటికీ ఫ్రేములు చేసే దుకాణంలో 40 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం పట్టీ దొరికింది. దాని నుంచి 34 సెంటీమీటర్ల ముక్కలు రెండు కోయించాము. ఒక్కొక్కటి 110 గ్రాములు తూగింది. పై పట్టీకి రెండు చివర్ల నుంచీ 2 సెంటీమీటర్ల దూరంలో రంధ్రాలు వేయించాము కాబట్టి, రెండు కీళ్ల మధ్య దూరం సరిగ్గా 30 సెంటీమీటర్లు. ప్రతి పట్టీ పైరంధ్రంలో 22 మిల్లీమీటర్ల బయటి వ్యాసం గల 608 రకం బేరింగును ఎపాక్సీతో అతికించాము. పై బేరింగు గుండా పోయే ఇరుసును వరండా స్తంభానికి బిగించిన టేకు దిమ్మెలో దిగగొట్టాము. రెండో పట్టీ బేరింగు, మొదటి పట్టీ అడుగు రంధ్రంలో బిగించిన 8 మిల్లీమీటర్ల బోల్టు మీద తిరుగుతుంది.

మధ్య కీలు దగ్గర ఉన్న బేరింగు, బోల్టు, నట్లు, వాషర్ల బరువు కాలేజీ త్రాసులో నమ్మకంగా తేలలేదు కనుక, బజారులో బంగారం కొట్టుకు వెళ్లి తూయించాము. కొట్టు యజమాని వాటిని పళ్లెంలో పెట్టి, "ఏటి బాబూ, ఇనుప నట్లకు కూడా మిల్లీగ్రాముల లెక్క కావాలా?" అని అడిగారు. లోలకం ఊగే తీరు ఆ బరువు మీదే ఆధారపడుతుందని చెబితే, ఎంతో శ్రద్ధగా రెండోసారి తూచి ఇచ్చారు. మొత్తం 47 గ్రాములు. రెండో పట్టీలో బేరింగు కోసం కోసేసిన లోహం లెక్క ప్రకారం 3 గ్రాములు. అది కూడా కీలు దగ్గర నుంచే పోయింది కాబట్టి దాన్ని తీసివేస్తే, మధ్య కీలు దగ్గర అదనంగా ఉన్నది 44 గ్రాములు, అంటే పట్టీ బరువులో 0.40 వంతు. ఈ నిష్పత్తిని ఇకపై μ అని రాస్తాను. మొదటి పట్టీ పై బేరింగు ఎక్కడికీ కదలదు కనుక దాని బరువు లెక్కలోకి రాదు.

జూలై: ఏ కోణాలతో రాయాలి

ఈ యంత్రం స్థితిని పూర్తిగా చెప్పడానికి రెండు సంఖ్యలు చాలు. ద్రవ్యరాశి కేంద్రాల x, y నిరూపకాలు నాలుగింటినీ పట్టుకుంటే, పట్టీల పొడవులు మారవన్న నిబంధనలనూ, కీళ్ల దగ్గరి తెలియని బలాలనూ కూడా వెంట మోయవలసి వస్తుంది. సాధారణీకృత నిరూపకాలలోని వెసులుబాటు ఇక్కడే ఉంది. నిబంధనలు ముందే ఇమిడిపోయిన కోణాలను ఎంచుకుంటే, ఆదర్శమైన కీలు బలాలు పని చేయవు కనుక అవి సమీకరణాలలోకే రావు.

అయితే రెండో కోణాన్ని రెండు విధాలుగా కొలవవచ్చు. నిట్టనిలువు గీత నుంచి కొలిస్తే θ2, మొదటి పట్టీ దిశ నుంచి కొలిస్తే φ = θ2 − θ1. రెండూ సరైనవే. φ తో రాస్తే గతిజశక్తిలో θ1 కనిపించదు, అందులో cosφ మాత్రమే వస్తుంది. నిలువు నుంచి కొలిస్తే స్థితిజశక్తి రెండు విడి పదాలుగా విడిపోతుంది. మాకు ముందుగా కావలసింది చిన్న డోలనాల లెక్క, అందులో స్థితిజశక్తి విడిపోవడం ఎక్కువ సౌకర్యం కనుక θ1, θ2 లను నిలువు నుంచే కొలిచాము. ప్రమాదమల్లా ఈ రెంటినీ కలగలపడంలో ఉంది. బొమ్మలో కోణాన్ని మొదటి పట్టీ నుంచి గీసి, గతిజశక్తిని నిలువు కోణంతో రాసేస్తే, సమీకరణం చూడడానికి చక్కగానే ఉంటుంది, లోలకం మాత్రం వేరేది అవుతుంది.

గతిజశక్తి ఇలా వస్తుంది. కీళ్ల మధ్య దూరం d, పట్టీ ద్రవ్యరాశి m అనుకుందాం. మొదటి పట్టీ స్థిరమైన ఇరుసు చుట్టూ తిరుగుతుంది కనుక దాని శక్తి ఆ ఇరుసు చుట్టూ ఉన్న జడత్వ భ్రామకంతోనే తేలిపోతుంది. రెండో పట్టీ ద్రవ్యరాశి కేంద్రానికి రెండు వేగాల మొత్తం ఉంటుంది. ఒకటి మధ్య కీలు వేగం, దాని పరిమాణం d·θ1'. రెండోది కీలు చుట్టూ తిరగడం వల్ల వచ్చే వేగం, దాని పరిమాణం (d/2)·θ2'. ఈ రెండు వేగాల మధ్య కోణం θ1 − θ2. మొత్తాన్ని వర్గం చేస్తే ఆ కోణం కొసైన్‌తో కూడిన ఉమ్మడి పదం వస్తుంది, జంట లోలకం జటిలత్వమంతా ఆ ఒక్క పదంలోనే ఉంది. (ప్రైమ్ గుర్తు కాలంతో అవకలనాన్ని సూచిస్తుంది.)

```
T = (1/2) A θ1'^2 + (1/2) B θ2'^2 + C θ1' θ2' cos(θ1 − θ2)
V = −P cosθ1 − Q cosθ2

A = (β + 1 + μ) m d^2     B = β m d^2     C = (1/2) m d^2
P = (3/2 + μ) m g d       Q = (1/2) m g d
```

ఇందులో β అనేది కీలు చుట్టూ పట్టీ జడత్వ భ్రామకాన్ని m·d² తో భాగిస్తే వచ్చే సంఖ్య. A లోని 1 రెండో పట్టీ ద్రవ్యరాశి మొత్తాన్ని మధ్య కీలు మోసుకుపోవడం వల్ల వచ్చింది.

ముందుకు పోయే ముందు దీన్ని ఒక చిన్న పరీక్షకు పెట్టాము. రెండు పట్టీలనూ ఒకే గీతలో బిగించేశామని ఊహిస్తే, రెండు కోణాలూ రెండు వేగాలూ సమానం, గతిజశక్తి (1/2)(A + B + 2C)θ'² అవుతుంది. పొడవు సరిగ్గా d ఉన్న సన్నని ఏకరీతి కడ్డీలకు β = 1/3, μ = 0 కనుక A + B + 2C = (8/3) m d². అటు 2m ద్రవ్యరాశి, 2d పొడవు ఉన్న ఒకే కడ్డీ జడత్వ భ్రామకం (1/3)(2m)(2d)², అది కూడా (8/3) m d². రెండూ కలిశాయి. C విలువలో తప్పున్నా, రెండో పట్టీని మోసుకుపోయే ఆ 1 మరచిపోయినా ఈ సమానత్వం నిలవదు.

జూలై చివర: సమీకరణాలు

L = T − V కు లగ్రాంజ్ సమీకరణం వర్తింపజేసేటప్పుడు మొదటి కోణం దగ్గర జరిగేది నిదానంగా చూడదగినది. θ1' కు సంబంధించిన ద్రవ్యవేగం Aθ1' + Cθ2' cosΔ, ఇక్కడ Δ = θ1 − θ2. దీన్ని కాలంతో అవకలనం చేసేటప్పుడు cosΔ కూడా మారుతోందని గుర్తుంచుకోవాలి. దాని నుంచి −C θ2'(θ1' − θ2') sinΔ వస్తుంది. మరోవైపు L ను θ1 తో అవకలనం చేస్తే −C θ1'θ2' sinΔ వస్తుంది. ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేస్తే θ1'θ2' ఉన్న పదాలు పూర్తిగా రద్దయి, θ2' వర్గం ఉన్న పదం ఒక్కటే మిగులుతుంది.

```
A θ1'' + C cosΔ θ2'' + C sinΔ θ2'^2 + P sinθ1 = 0
C cosΔ θ1'' + B θ2'' − C sinΔ θ1'^2 + Q sinθ2 = 0
```

చివరి సమీకరణాలలో θ1'θ2' లబ్ధం ఉన్న పదం కనిపిస్తే, రెండు అవకలనాలలో ఏదో ఒకటి సగంలో ఆగిపోయిందని వెంటనే తెలుసుకోవచ్చు. నిలువు కోణాలు వాడినంతకాలం ఈ సూచన చెల్లుతుంది. φ తో రాస్తే మాత్రం అలాంటి లబ్ధం న్యాయంగానే వస్తుంది.

ఈ రెండు సమీకరణాల నుంచి త్వరణాలను ఎప్పుడైనా విడదీయవచ్చా అన్నది తరువాతి ప్రశ్న. అందుకు AB − C²cos²Δ సున్న కాకూడదు. మా పట్టీలకు అది m²d⁴ ప్రమాణంలో 0.6305 − 0.25cos²Δ, ఎప్పుడూ ధనాత్మకమే. గతిజశక్తి రుణాత్మకం కాజాలదన్న భౌతిక సత్యమే ఇక్కడ గణిత రూపంలో కనిపిస్తోంది.

ఆగస్టు: చిన్న డోలనాలు, మూడు నమూనాలు

కోణాలు చిన్నవైతే cosΔ ను 1 గానూ, సైన్లను కోణాలుగానూ తీసుకుని, వేగాల వర్గాలున్న పదాలను వదిలేయవచ్చు. అప్పుడు సహజ డోలన రీతులు రెండు వస్తాయి. నెమ్మది రీతిలో రెండు పట్టీలూ ఒకే వైపు ఊగుతాయి, వేగ రీతిలో ఒకదానికొకటి ఎదురుగా ఊగుతాయి. λ = ω²d/g అని రాసుకుంటే, λ కు ఒక వర్గ సమీకరణం లభిస్తుంది.

```
(3/2 + μ − (β + 1 + μ) λ)(1/2 − β λ) − λ^2/4 = 0
```

మా అక్షాంశం దగ్గర g విలువ సుమారు 9.79 కనుక g/d = 32.63. దీనితో మూడు నమూనాలను వరుసగా లెక్కించాము. ప్రాజెక్టు మొత్తంలో మాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఈ పోలిక.

మొదటి నమూనాలో పట్టీలను సరిగ్గా 30 సెంటీమీటర్ల సన్నని ఏకరీతి కడ్డీలుగా భావించాము. అప్పుడు λ = 3 ∓ 6/√7, అంటే 0.732, 5.268. ఆవర్తన కాలాలు 1.285 సెకన్లు, 0.479 సెకన్లు.

రెండో నమూనాలో కీళ్ల అవతల చెరో 2 సెంటీమీటర్లు పొడుచుకు వచ్చిన లోహాన్నీ, పట్టీ వెడల్పునూ లెక్కలోకి తెచ్చాము. ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ జడత్వ భ్రామకం m(0.34² + 0.04²)/12. దానికి m(0.15)² కలిపి, d² తో భాగిస్తే β = 0.3585. ఆవర్తన కాలాలు 1.300, 0.523 సెకన్లు.

మూడో నమూనాలో మధ్య కీలు బరువును, అంటే μ = 0.40 ను కలిపాము. λ = 0.7436, 3.358. ఆవర్తన కాలాలు 1.275, 0.600 సెకన్లు.

ఈ సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే నెమ్మది రీతి మూడు నమూనాలలోనూ రెండు శాతం లోపే మారింది. వేగ రీతి మాత్రం మొదటి నమూనా నుంచి మూడో నమూనాకు పావు వంతు పెరిగింది. అంటే నెమ్మది ఊపును మాత్రమే కొలిచి, లెక్కతో సరిపోయిందని సంతృప్తి పడే వ్యక్తి, కీలు బరువును పూర్తిగా విస్మరించిన నమూనాను కూడా సరైనదని నమ్మగలడు.

దీనికి కారణం వెతకడం మాకు ఎంతో ఇష్టమైన పని అయింది. మధ్య కీలు దగ్గర చేర్చిన బరువు తనంతట తాను d పొడవున్న ఒక సరళ లోలకం. దాని λ విలువ 1. అది గతిజశక్తికి μ·θ1'² నూ, స్థితిజశక్తికి μ·θ1² నూ ఒకే నిష్పత్తిలో చేరుస్తుంది కనుక, ఏ రీతినైనా తన సొంత λ వైపు లాగుతుంది. నెమ్మది రీతి λ 0.716 ఉండగా దాన్ని పైకి, 0.744 కు లాగింది. అది ముందే 1 కి దగ్గరగా ఉంది కనుక మార్పు స్వల్పం. వేగ రీతి λ 4.42 ఉండగా దాన్ని కిందికి, 3.36 కు ఈడ్చింది. పైగా పొడుచుకు వచ్చిన లోహం నెమ్మది రీతిని కాస్త మందగింపజేస్తే, కీలు బరువు దాన్ని కాస్త వేగవంతం చేసింది. రెండు ప్రభావాలూ ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. వేగ రీతిలో రెండూ ఒకే దిశలో పనిచేసి పేరుకున్నాయి.

ఆగస్టు చివర: కొలతలు

ఒక్కో రీతిని విడిగా ఊపాలంటే రెండు పట్టీలనూ ఆ రీతికి తగిన నిష్పత్తిలో పక్కకు లాగి వదలాలి. మూడో నమూనా ప్రకారం నెమ్మది రీతిలో θ2/θ1 = 1.59, వేగ రీతిలో −2.39. స్తంభం వెనుక గోడకు గ్రాఫు కాగితం అతికించి, నెమ్మది రీతికి పై పట్టీని 4 డిగ్రీలు, కింది పట్టీని అదే వైపు 6.4 డిగ్రీలు లాగాము. వేగ రీతికి పై పట్టీని 3 డిగ్రీలు ఒక వైపు, కింది పట్టీని 7.2 డిగ్రీలు ఎదుటి వైపు పట్టుకుని, రెంటినీ ఒకే దారంతో కట్టి, ఆ దారాన్ని అగ్గిపుల్లతో కాల్చాము. చేతితో వదిలితే వేళ్లు ఒక క్షణం అటూ ఇటూ అవుతాయి, దారం కాలితే రెండు పట్టీలూ ఒకేసారి విడుదలవుతాయి.

రీతి స్వచ్ఛంగా ఉందా లేదా అన్నది కంటితోనే తెలుస్తుంది. స్వచ్ఛంగా ఉంటే రెండు పట్టీలూ ఒకే క్షణాన నిలువు గీతను దాటుతాయి. కలగలిసి ఉంటే కింది పట్టీ విస్తృతి పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తుంది.

ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీసి లెక్కపెట్టాము. నెమ్మది రీతిలో 20 డోలనాలకు 25.6 సెకన్లు, అంటే ఆవర్తన కాలం 1.280. వేగ రీతిలో 10 డోలనాలకు 6.05 సెకన్లు, అంటే 0.605. లెక్కకు వచ్చిన 1.275, 0.600 లకు ఇవి ఒక శాతం లోపు తేడాతో ఉన్నాయి. రెండో నమూనా చెప్పిన 0.523 కు వేగ రీతి కొలత దరిదాపుల్లో కూడా లేదు.

వేగ రీతిని 10 డోలనాల దగ్గరే ఆపడానికి కారణం ఉంది. మధ్య బేరింగులో ఘర్షణ రెండు పట్టీల సాపేక్ష కోణీయ వేగం మీద ఆధారపడుతుంది. పై పట్టీ ఒక డిగ్రీ కదిలితే సాపేక్ష కోణం నెమ్మది రీతిలో 0.59 డిగ్రీలు, వేగ రీతిలో 3.39 డిగ్రీలు మారుతుంది. అందుకే వేగ రీతి త్వరగా సద్దుమణుగుతుంది.

మా మాస్టారు ఈ ఫలితం చూసి, కొలిచిన తరువాత నమూనాను సవరించడం వేరు, కొలవక ముందే చెప్పడం వేరు అన్నారు. ఆ మాట న్యాయమైనది. అందుకని మధ్య బోల్టుకు మరో 22 గ్రాముల నట్లు బిగించి, ఊపకముందే μ = 0.60 తో లెక్క కట్టి నోటుబుక్కులో రాసి పెట్టాము. నెమ్మది రీతి 1.266 సెకన్లకు తగ్గాలి, వేగ రీతి 0.627 సెకన్లకు పెరగాలి. బరువు చేరిస్తే ఒక రీతి వేగవంతమై మరొకటి మందగించాలన్న ఈ జోస్యమే అసలు పరీక్ష. కొలిస్తే వేగ రీతికి 10 డోలనాలకు 6.32 సెకన్లు పట్టింది. నెమ్మది రీతి కూడా తగ్గింది.

కొలతలు లెక్క కన్నా ఎప్పుడూ కొద్దిగా ఎక్కువగానే, వేగ రీతిలో 0.8 శాతం మేర ఎక్కువగా వస్తున్నాయి. కీళ్ల మధ్య దూరంలో ఒక మిల్లీమీటరు పొరపాటున్నా దాని నుంచి వచ్చే తేడా చాలా తక్కువ. కీలు బరువులో రెండు గ్రాముల పొరపాటు సుమారు 0.4 శాతం తేగలదు, కానీ బంగారం కొట్టు తూకం అంత తప్పదు. టేకు దిమ్మె ఊపుకు స్వల్పంగా వంగడమే మిగిలిన కారణమని మా అంచనా. ఆధారం కదిలితే లోలకం మొత్తం మెత్తబడినట్టే అవుతుంది. దిమ్మెను రెండు బోల్టులకు బదులు నాలుగింటితో బిగించి మళ్లీ చూడాలి.

సెప్టెంబరు: పెద్ద కోణాలు, శక్తి లెక్క

చిన్న కోణాలు దాటితే సమీకరణాలను కంప్యూటరుతో సాధించాలి. పైతాన్‌లో రాసిన ముఖ్య భాగం ఇంతే.

```python
import numpy as np
m, d, g, be, mu = 0.110, 0.30, 9.79, 0.3585, 0.40
A, B, C = (be+1+mu)*m*d*d, be*m*d*d, 0.5*m*d*d
P, Q = (1.5+mu)*m*g*d, 0.5*m*g*d

def f(s):
    a, b, u, v = s
    c, n = np.cos(a-b), np.sin(a-b)
    r = [-C*n*v*v - P*np.sin(a), C*n*u*u - Q*np.sin(b)]
    return np.array([u, v, *np.linalg.solve([[A, C*c], [C*c, B]], r)])

def E(s):
    a, b, u, v = s
    return (A*u*u + B*v*v)/2 + C*u*v*np.cos(a-b) - P*np.cos(a) - Q*np.cos(b)

def step(s, h):
    k1 = f(s); k2 = f(s + h*k1/2); k3 = f(s + h*k2/2); k4 = f(s + h*k3)
    return s + h*(k1 + 2*k2 + 2*k3 + k4)/6
```

ప్రతి అడుగులోనూ E ను అచ్చు వేయించాము. రెండు పట్టీలనూ అడ్డంగా పట్టుకుని నిశ్చలస్థితి నుంచి వదిలితే మొదటి E సున్న. అందువల్ల శాతాలు అర్థంలేనివి, మార్పును P + Q తో, అంటే 0.775 జౌళ్లతో పోల్చాలి. ఘర్షణ లేని ఈ సమీకరణాలలో E మారకూడదు. అంకగణితం వల్ల వచ్చే మార్పు, కాలపు అడుగు h ను సగం చేస్తే కనీసం పదహారో వంతుకు పడిపోవాలి. ఎంత చిన్న అడుగు తీసుకున్నా తగ్గకుండా నిలిచే మార్పు ఉంటే అది అంకగణితం నుంచి వచ్చింది కాదు, సమీకరణం నుంచి వచ్చింది. C sinΔ ఉన్న పదాలలో ఒకదాని గుర్తును కావాలని మార్చి చూపించాము. E వెంటనే ఊగిసలాడింది, h ను తగ్గించినా ఆ ఊగిసలాట తగ్గలేదు.

అయితే ఈ పరీక్ష పరిధిని స్పష్టంగా చెప్పాలి. β ను 1/3 గానూ, μ ను సున్నగానూ పెట్టి నడిపినా E అంతే చక్కగా స్థిరంగా ఉంటుంది. ఎందుకంటే ఆ తప్పుడు విలువలు సమీకరణాలలోనూ శక్తిలోనూ ఒకేలా కూర్చుంటాయి, అది మరొక లోలకానికి నిక్కమైన సమీకరణమే అవుతుంది. శక్తి నిలకడ బీజగణితాన్నీ ప్రోగ్రామునూ పరీక్షిస్తుంది, వరండాలో వేలాడుతున్న లోలకం ఇదేనా అన్నది మాత్రం చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు జవాబిచ్చింది దారం కాల్చి కొలిచిన వేగ రీతి.

సెప్టెంబరు: అడ్డంగా వదిలినప్పటి మొదటి క్షణం

రెండు పట్టీలూ కుడివైపు అడ్డంగా, 90 డిగ్రీల దగ్గర ఉండగా వదిలితే మొదటి క్షణంలో ఏమవుతుందో ప్రోగ్రాము లేకుండానే చేతితో లెక్క కట్టవచ్చు. Δ సున్న, వేగాలు సున్న కనుక రెండు సరళ సమీకరణాలు మిగులుతాయి. త్వరణాలను g/d ప్రమాణంలో రాస్తే:

```
1.7585 θ1'' + 0.5 θ2''    = −1.9
0.5 θ1''    + 0.3585 θ2'' = −0.5
```

వీటి జవాబు θ1'' = −1.133, θ2'' = +0.186. మొదటి పట్టీ పడుతుంది, సరే. రెండో పట్టీ కోణం మాత్రం 90 డిగ్రీలు దాటి పెరగాలని సమీకరణం అంటోంది. గుర్తు తప్పిందా అని తరగతిలో అందరూ అడిగారు. తప్పలేదు. మధ్య కీలు త్వరణం d·θ1'', అంటే 1.133g. స్వేచ్ఛగా పడే వస్తువు కన్నా కీలు వేగంగా కిందికి పోతోంది. కీలు తనను కిందికి లాగుతుంటే రెండో పట్టీ ఆ చివర త్వరగా దిగుతుంది, అవతలి చివర వెనకబడుతుంది, దాంతో పట్టీ పైకి వాలినట్టు తిరుగుతుంది. రెండో పట్టీ మీద కీలు నుంచి d దూరంలో ఉన్న బిందువు త్వరణం (1.133 − 0.186)g = 0.947g. అది కిందికే పడుతోంది, కీలు కన్నా నెమ్మదిగా మాత్రం.

ఈ పైకి తిరుగుడు ఎక్కువసేపు నిలవదు. మొదటి పట్టీ వేగం పుంజుకునేకొద్దీ C sinΔ θ1'² పదం రెండో పట్టీని వెనక్కి తిప్పుతుంది. వదిలిన 0.1 సెకను తరువాత మొదటి పట్టీ దాదాపు 10 డిగ్రీలు దిగి ఉంటే, రెండోది 90 డిగ్రీలకు ఒకటిన్నర డిగ్రీ పైన ఉండాలి. సెకనుకు 240 ఫ్రేముల వీడియోలో ఇది 24వ ఫ్రేము. పట్టీల మీద, మధ్య గీత వెంబడి, నల్లటి స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టి ఆ ఫ్రేమును తెర మీద పెద్దది చేసి చూస్తే, రెండో పట్టీ చివరి చుక్క కీలు చుక్క కన్నా అడ్డగీతకు పైకి వాలి కనిపించింది. కోణాన్ని డిగ్రీలో అరవంతు కన్నా నమ్మకంగా కొలవలేము కనుక, 1.5 అన్న సంఖ్యను ధ్రువీకరించామని చెప్పను. దిశను మాత్రం నిస్సందేహంగా చూశాము.

ఆ తరువాతి కదలికలో లెక్క, వీడియో కొంతసేపు కలిసి నడిచి, కింది పట్టీ మొదటిసారి పూర్తిగా తిరగబడిన తరువాత విడిపోయాయి. ప్రోగ్రాములో మొదటి కోణాన్ని ఒక డిగ్రీ మార్చి నడిపితే, రెండు లెక్కలు కూడా ఇంచుమించు అక్కడి నుంచే ఒకదానికొకటి దూరమవుతున్నాయి. మేము చేతితో పట్టీని అడ్డంగా నిలపగలిగిన ఖచ్చితత్వం దాదాపు అంతే. కాబట్టి ఆ తరువాతి తేడాను నమూనా లోపంగా లెక్కించలేదు. బేరింగు ఘర్షణకు (1/2)c1 θ1'² + (1/2)c2 (θ2' − θ1')² అన్న క్షయ ప్రమేయాన్ని చేర్చి, c2 విలువను వేగ రీతి సద్దుమణిగే తీరు నుంచి రాబట్టడం ఇక మిగిలిన పని. దిమ్మెకు నాలుగు బోల్టులు వేశాక అదే మొదలుపెడతాము.